2.50 ఆంపియర్లు, 45 నిమిషాలు: కాథోడ్ మీద ఎంత రాగి?

లెక్క ఇది. 200 మి.లీ. 0.50 మోలార్ కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ప్లాటినం ఆనోడ్, రాగి రేకు కాథోడ్ ఉంచారు. 6 వోల్టుల సప్లై నుంచి 2.50 ఆంపియర్ల కరెంటును 45 నిమిషాల పాటు పంపారు. రాగి రేకు బరువు ఎంత పెరగాలి? రాగి మోలార్ ద్రవ్యరాశి 63.55 గ్రా./మోల్. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం, అంటే F, 96485 కూలుంబ్‌లు.

చాలామంది చెయ్యి వెంటనే m = ItM/nF సూత్రం మీదికి పోతుంది. సూత్రంలో తప్పేమీ లేదు గానీ, కాసేపు పక్కన పెడదాం. ఈ లెక్కలో నిజంగా చేసే పని ఒక్కటే: వైర్లో ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో లెక్కపెట్టడం. అమ్మీటరు, గడియారం కలిసి ఆ లెక్క చెబుతాయి. ఆ తర్వాత మిగిలేది మామూలు మోల్ లెక్కే.

మొదట ఆవేశం. ఒక ఆంపియర్ అంటే సెకనుకు ఒక కూలుంబ్. కాబట్టి కాలం సెకన్లలోనే ఉండాలి. 45 నిమిషాలు అంటే 2700 సెకన్లు.

```
Q = I × t = 2.50 × 2700 = 6750 C
```

ఇక్కడ 45నే వేసి గుణించేస్తే జవాబు 0.037 గ్రాములు వస్తుంది. రెండున్నర ఆంపియర్లు ముప్పావు గంట నడిస్తే కంటికి ఆనని రాగి వచ్చిందంటే ఎక్కడో పొరపాటు జరిగిందని అప్పుడే అనుమానం రావాలి.

తర్వాత ఈ ఆవేశాన్ని ఎలక్ట్రాన్ మోల్‌లుగా మార్చాలి. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలుంబ్. దాన్ని అవగాడ్రో సంఖ్య 6.022 × 10²³తో గుణిస్తే వచ్చేదే 96485. F వెనక ఇంతకు మించి రహస్యం లేదు.

```
n(e⁻) = 6750 / 96485 = 0.06996 mol
```

ఇప్పుడు అసలు ఆలోచించాల్సిన చోటు వచ్చింది. కాథోడ్ దగ్గర జరిగేది క్షయకరణం:

```
Cu²⁺ + 2e⁻ → Cu
```

ఒక్కో రాగి అయాన్‌కు రెండు ఎలక్ట్రాన్లు కావాలి. కాబట్టి రాగి మోల్‌లు ఎలక్ట్రాన్ మోల్‌లలో సగం.

```
n(Cu) = 0.06996 / 2 = 0.03498 mol
m(Cu) = 0.03498 × 63.55 = 2.22 g
```

రేకు బరువు 2.22 గ్రాములు పెరగాలి. F విలువను 96500గా తీసుకున్నా మూడు సార్థక అంకెల్లో ఇదే జవాబు వస్తుంది. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

మరి 6 వోల్టుల సంగతి? ఈ ద్రవ్యరాశి లెక్కలో దానికి పని లేదు. వోల్టేజి పెంచితే కరెంటు పెరగొచ్చు, దాంతో రాగీ పెరగొచ్చు. కానీ కరెంటు ఎంతో ముందే ఇచ్చేశారు. వోల్టులు అవసరమయ్యేది ఖర్చయిన శక్తి అడిగినప్పుడు: 6 × 6750 = 40500 జౌళ్లు. ప్రశ్నలో ఇచ్చిన ప్రతి అంకెనూ ఎక్కడో ఒకచోట ఇరికించాలనుకునేవాళ్ల కోసమే పరీక్షల్లో ఇలాంటివి పెడతారు.

200 మి.లీ., 0.50 మోలార్ అన్నవి మాత్రం దండగ కాదు. ద్రావణంలో అసలు అంత రాగి ఉందా అని చూసుకోవాలి కదా. ఉన్నది 0.200 × 0.50 = 0.100 మోల్. పోయింది 0.035 మోల్. మిగిలింది 0.065 మోల్, అంటే గాఢత దాదాపు 0.325 మోలార్‌కు దిగుతుంది. ప్లాటినం ఆనోడ్ కరగదు, అక్కడ నీరు ఆక్సీకరణం చెంది ఆక్సిజన్ వస్తుంది. అందుకే ద్రావణం నీలిరంగు పలచబడుతుంది, ఆమ్లత్వం పెరుగుతుంది. ఆనోడ్ కూడా రాగిదే అయితే కాథోడ్ మీద చేరినంత రాగి అక్కడ కరిగి ద్రావణంలోకి వస్తుంది, రంగు మారదు. అదే కరెంటు మూడు గంటలు పంపి ఉంటే? సూత్రం 8.89 గ్రాములు అంటుంది. ద్రావణంలో ఉన్నదే 6.36 గ్రాములు. సూత్రానికి బీకరులో ఏముందో తెలియదు, మనమే చూసుకోవాలి.

ఇప్పుడు ప్రయోగం చేసి తూస్తే పెరిగిన బరువు 2.13 గ్రాములే వచ్చిందనుకుందాం. 2.13ని 2.22తో భాగిస్తే 96 శాతం. దీన్నే కరెంటు సామర్థ్యం అంటారు. కాథోడ్ దగ్గర కొన్ని ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ వాయువు తయారీకి పోయాయంటూ తగ్గిన భాగాన్ని వెంటనే దాని మీదికి నెట్టేయకండి. ముందు అమ్మీటరు రీడింగులు చూడండి. మొదటి 30 నిమిషాలు 2.50 ఉండి, చివరి 15 నిమిషాలు 2.30కి పడిపోయిందనుకోండి:

```
Q = 2.50 × 1800 + 2.30 × 900 = 6570 C
m = (6570 / 96485) / 2 × 63.55 = 2.16 g
```

రావాల్సిందే 2.16 అయినప్పుడు సామర్థ్యం 98 శాతం పైనే. కరెంటు మారుతూ ఉంటే ముక్కలు ముక్కలుగా లెక్కించి కూడాలి. మిగిలిన తేడాకు, కడిగేటప్పుడు రాలిపోయిన వదులు రాగి కారణం కావచ్చు. సామర్థ్యం 100 దాటిందా, రేకు సరిగ్గా ఆరకుండానే తూచి ఉంటారు.

ఎలక్ట్రాన్ల సంఖ్య దగ్గరికి మళ్లీ వద్దాం, ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. ఇదే 6750 కూలుంబ్‌లు సిల్వర్ నైట్రేట్‌లో పంపితే, Ag⁺కు ఒక్క ఎలక్ట్రానే చాలు కాబట్టి 0.06996 × 107.87 = 7.55 గ్రాముల వెండి వస్తుంది. రాగి కూడా ఎప్పుడూ రెండే తీసుకుంటుందని కాదు. సైనైడ్ బాత్‌లో రాగి Cu⁺ రూపంలో ఉంటుంది, అక్కడ ఒక్క ఎలక్ట్రానే, ద్రవ్యరాశి రెట్టింపు. క్రోమిక్ ఆమ్లంతో క్రోమియం పూత వేస్తే ఒక్కో పరమాణువుకు ఆరు. కాబట్టి ఎలక్ట్రాన్ల సంఖ్యను లోహం పేరు చూసి కాదు, ద్రావణంలో అది ఏ రూపంలో ఉందో చూసి వేయాలి. ముందు అర్ధచర్య రాయండి, సంఖ్య దానంతట అదే కనిపిస్తుంది.

వెండి విషయంలో ఒక ముచ్చట. సిల్వర్ నైట్రేట్ ద్రావణం నుంచి సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండిని పేర్చే స్థిరమైన కరెంటే ఒక ఆంపియర్ అని 1908 లండన్ సమావేశం నిర్వచించింది. 107.87ని 96485తో భాగించి చూడండి, 0.001118 గ్రాములే వస్తుంది. అంటే మనం కరెంటు నుంచి బరువు కనుక్కుంటున్నాం, అప్పట్లో బరువు తూచి కరెంటు తేల్చేవారు.

అలా వెనక్కి నడిచే లెక్క ఒకటి. 0.80 ఆంపియర్లతో 5.00 గ్రాముల వెండి రావడానికి ఎంతసేపు పడుతుంది?

```
n(Ag) = 5.00 / 107.87 = 0.04635 mol = n(e⁻)
Q = 0.04635 × 96485 = 4472 C
t = 4472 / 0.80 = 5590 s
```

సుమారు 93 నిమిషాలు. మెట్లు అవే, దిశ మాత్రమే మారింది.

ఇది మీరే చేయండి. మోలార్ ద్రవ్యరాశి 52.00 ఉన్న లోహం లవణ ద్రావణంలో 0.60 ఆంపియర్ల కరెంటు 80 నిమిషాలు పంపితే 0.517 గ్రాములు చేరింది, సామర్థ్యం 100 శాతం. ఆ లోహ అయాన్ ఆవేశం ఎంత? సరిచూసుకోవడానికి: ఆవేశం 2880 కూలుంబ్‌లు, ఎలక్ట్రాన్లు 0.02985 మోల్, లోహం 0.00994 మోల్, నిష్పత్తి 3. అయాన్ Cr³⁺.