జూలై 2025 నెలవారీ నివేదిక: ఎంవీపీ కాలనీ భవనం, విశాఖపట్నం

తేదీ: 1 ఆగస్టు 2025

అయ్యా, నమస్కారములు.

ఆరు వాటాల్లో అయిదింటి నుంచి జూలైలో రూ. 83,000 రావలసి ఉండగా రూ. 75,000 వసూలైంది. 302 వారు రూ. 16,000కు బదులు సగమే ఇచ్చారు. మిగతావారందరూ అయిదో తేదీలోపే చెల్లించారు.

302 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వారి బాల్కనీ శ్లాబు పెచ్చులు ఊడుతున్నాయని మే నెలలోనే నాకు చెప్పారు. వానలు తగ్గాక చూద్దామని నేను వాయిదా వేశాను; ఆ పొరపాటు నాదే. జూలై 3న అరచేతి మందాన పెచ్చు ఒకటి వాషింగ్ మెషీన్ మీద పడి మూత పగిలింది. మేస్త్రీ చేత వదులు సిమెంటు కొట్టించి చూస్తే, సముద్రపు గాలికి చువ్వలు పొరలుపొరలుగా తుప్పు పట్టి ఉన్నాయి. తుప్పు గీకించి, పూత వేయించి, మళ్లీ సిమెంటు పట్టించడానికి రూ. 11,400 అయింది. మూత ఖర్చును అద్దె బాకీలోంచి తగ్గిస్తే మిగతాది 10వ తేదీకి ఇస్తామన్నారు. బిల్లు రూ. 1,900 చూశాను, న్యాయంగానే ఉంది.

అయితే నీరు దిగుతున్నది పైనుంచే. టెర్రస్‌పై గొట్టం మూతి దగ్గర వాన నీరు నిలిచి బీటల్లోంచి ఇంకుతోంది. వాటర్‌ప్రూఫింగుకు రూ. 46,000 అంచనా ఇచ్చారు. వరుసగా నాలుగు రోజులు పొడి వాతావరణం దొరికితే మొదలుపెట్టవచ్చు కానీ, అక్టోబరు తుఫానుల దాకా ఆగితే ఇప్పుడు చేసిన పని కూడా వృథా అవుతుంది.

బోరు మోటారు వైండింగు కాలిపోగా రూ. 3,800తో బాగు చేయించాను. వాచ్‌మన్ జీతం రూ. 7,000, ఉమ్మడి కరెంటు బిల్లు రూ. 2,150, నా అయిదు శాతం రూ. 3,750 కలిపి మొత్తం ఖర్చు రూ. 28,100. మిగిలిన రూ. 46,900 నిన్న మీ ఖాతాకు పంపాను.

202 వాటా జూన్ 22 నుంచి ఖాళీగానే ఉంది. టులెట్ బోర్డు చూసి వచ్చిన ఇద్దరు ఆషాఢం వెళ్లాక మాట్లాడతామని వెళ్లిపోయారు, మూడో ఆయన రూ. 15,000 దగ్గరే ఆగారు. శ్రావణం రాగానే ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం చూసుకుని, 8వ తేదీ వరలక్ష్మీ వ్రతానికి ముందే పాలు పొంగించుకుంటామని జూలై 30న రూ. 5,000 టోకెన్ ఇచ్చింది. ఆ సొమ్మును ఆగస్టు లెక్కలో చూపుతాను. వారు రూ. 17,500 ఇస్తామంటున్నారు. రూ. 18,000కు తగ్గవద్దని మీరు చెప్పిన మాట గుర్తుంది. కానీ ఏడాదికి రూ. 6,000 కోసం ఇంకో నెల ఖాళీగా ఉంచితే దానికి మూడింతలు పోతుంది కాబట్టి ఒప్పుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

202 అద్దె, టెర్రస్ పని, 302 వారి రూ. 1,900 విషయంలో మీ నిర్ణయం 4వ తేదీ సాయంత్రంలోగా తెలియజేయగలరు. బిల్లులు, బాల్కనీ ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
భవన నిర్వాహకుడు