మన మీటరు చెబుతున్న లెక్క: జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాడు ప్రధానాచార్యుల ప్రసంగం

గౌరవనీయులైన ఉపాధ్యాయ మిత్రులకు, బోధనేతర సిబ్బందికి, ప్రియమైన విద్యార్థులకు శుభోదయం.

డిసెంబరు 14వ తేదీని దేశమంతటా ఇంధన పొదుపు దినోత్సవంగా జరుపుకుంటారు. ఈ సందర్భంగా కరెంటు ఆదా చేయండని ఊరికే చెప్పి పంపడం నాకు ఇష్టం లేదు. మెయిన్ గేటు పక్కన ఉన్న మన మీటరు ఏం చెబుతోందో మీ ముందు పెడతాను.

గత సంవత్సరం నవంబరులో మన పాఠశాల 3,020 యూనిట్లు వాడింది. ఈ నవంబరులో 2,416 యూనిట్లే వాడాము. అంటే 604 యూనిట్లు, సరిగ్గా నూటికి ఇరవై వంతులు తగ్గాయి. ఆగస్టుతో పోల్చి చూపితే తగ్గుదల ఇంకా ఘనంగా కనిపించేది గానీ, బెజవాడ ఉక్కపోతలో ఆగస్టు నెలలో తిరిగే ఫ్యాన్లకూ నవంబరు ఫ్యాన్లకూ పోటీ పెట్టడం న్యాయం కాదు. అందుకే నవంబరును నవంబరుతోనే పోల్చాను. ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలాగూ తగ్గవు కాబట్టి వాటిని పక్కనపెట్టి, యూనిట్‌కు మనకు పడే సుమారు ఎనిమిది రూపాయలనే లెక్కలోకి తీసుకున్నా, నెలకు 4,832 రూపాయలు మిగిలాయి.

ఈ తగ్గుదల ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ అని ఎనిమిదో తరగతి దాటిన వారందరికీ తెలుసు. మన 24 తరగతి గదుల్లో గదికి నాలుగు చొప్పున 96 ఫ్యాన్లున్నాయి. ఒక్కొక్కటి 75 వాట్లు అనుకుంటే అన్నీ కలిసి గంటకు 7.2 యూనిట్లు. ప్రార్థన సమయం, భోజన విరామం, ఆటల పీరియడు కలిపి రోజుకు గంటన్నర సేపు ఆ గదుల్లో ఎవరూ ఉండరు. ఖాళీ బెంచీలకు గాలి విసరడం మానేస్తే, 24 పనిదినాల్లో సుమారు 260 యూనిట్లు మిగలాలి. పదహారు గదుల్లో చోకు ఉన్న పాత ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టినందుకు ఇంకో 230, సాయంత్రాలు కంప్యూటర్ ల్యాబ్‌ను పూర్తిగా ఆపుతున్నందుకు 110, ఐదు హెచ్‌పీ మోటారును ట్యాంకు పొంగి మెట్ల మీదుగా కారేదాకా వదిలేయకుండా వేళకు కట్టేస్తున్నందుకు దాదాపు 100.

కూడి చూడండి, 700 రావాలి. మీటరు మాత్రం 604 చూపింది. ఎల్‌ఈడీలు మాట తప్పవు, మోటారు బాధ్యత మన అటెండరు గారు తీసుకున్నారు, ల్యాబ్‌కు తాళం పడుతోంది. మిగిలినవి ఫ్యాన్లే. ఇప్పుడు ప్రార్థనకు వచ్చే ముందు మొదటి అంతస్తు ఒకసారి చుట్టి వచ్చాను. రెండు గదుల్లో ఎనిమిది ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, ఒక గదిలో బోర్డు మీది లైటు కూడా వెలుగుతోంది. ఆ తరగతుల పేర్లు ఈ రోజుకు చెప్పను.

ఈ 604 యూనిట్లను బొగ్గులో కొలిస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలను మీలో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు. అటువంటి కేంద్రంలో ఒక యూనిట్ తయారు కావాలంటే, బొగ్గు నాణ్యతను బట్టి, ముప్పావు కిలోకు అటూ ఇటూగా కాలుతుంది. ఆ లెక్కన ఒక్క నెలలో నాలుగు క్వింటాళ్లకు పైగా బొగ్గు, దాంతోపాటు దాని బూడిద, పొగ మన వల్ల తగ్గినట్టు.

చెమటలు కక్కుతూ పాఠాలు వినమని నేను ఎవరినీ అడగడం లేదు. ఏప్రిల్‌లో గదిలో పిల్లలున్నంతసేపూ నాలుగు ఫ్యాన్లూ తిరగవలసిందే. మనుషులు లేని చోట వాడకం ఆగాలన్నదే నా పట్టుదల. ఇంట్లో కూడా చిన్నవాటి వెంట పడి పెద్దవాటిని వదిలేయకండి. రెండు వేల వాట్ల గీజరు పావుగంట పనిచేస్తే అర యూనిట్ ఖర్చవుతుంది, ఆ కరెంటుతో ఒక మొబైల్ ఫోనును ఇరవైసార్లకు పైగా పూర్తిగా ఛార్జ్ చేయవచ్చు. కాబట్టి ఛార్జర్ గురించి తమ్ముడితో గొడవపడే ముందు గీజరు స్విచ్చి చూసి రండి.

మిగిలిన ఎనిమిది గదులకు 32 ఎల్‌ఈడీ ట్యూబులు కావాలి. ఒక్కొక్కటి 250 రూపాయల చొప్పున 8,000 రూపాయలవుతుంది. రెండు నెలల ఆదాతోనే అవి వస్తాయి గనుక, ఆ డబ్బును వేరే ఖర్చుకు మళ్లించబోమని మీకు మాట ఇస్తున్నాను.

సోమవారం నుంచి ప్రతి తరగతిలో ఇద్దరు విద్యార్థులు వారం వారం వంతులవారీగా స్విచ్చుల బాధ్యత తీసుకుంటారు. వారు అందరికన్నా చివర గది దాటాలి, అందుకని ప్రార్థనకు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చినా వ్యాయామ ఉపాధ్యాయులు అడ్డుచెప్పరు. పదో తరగతి భౌతికశాస్త్ర బృందం ప్రతి సోమవారం ఉదయం మీటరు రీడింగు రాసుకుని, గడిచిన వారం యూనిట్లను ఆఫీసు పక్కన ఉన్న నోటీసు బోర్డులో పెడుతుంది. మొదటి రీడింగు తీసేటప్పుడు నేను కూడా అక్కడ ఉంటాను. ఇక వరుసల్లో తరగతులకు బయలుదేరండి.