అమ్మకీ నాన్నకీ, తెలియని ఫోన్ కాల్స్ గురించి

అమ్మా, నాన్నా,

ఎలా ఉన్నారు, నాన్నా మోకాలి నొప్పి ఏమైనా తగ్గిందా? రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా మళ్ళీ ఈ ఉత్తరం ఏంటి అనుకోకండి, ఫోన్లో చెప్తే ఆ నిమిషానికి సరే సరే అంటారు, నిజంగా అలాంటి కాల్ వచ్చేసరికి కంగారులో ఒక్కటి కూడా గుర్తుకు రాదు, అది మీ వయసు వల్ల కాదు ఎవరికైనా అంతే. అందుకే కూర్చుని రాస్తున్నా. బాబాయ్‌కి కూడా పంపాను, పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించి తెస్తానన్నారు, ఫోన్ చార్జింగ్ పెట్టే చోట గోడకి అంటించండి.

మొన్న నాన్నకి పెన్షన్ ఆఫీసు నుంచి అని వచ్చిన కాల్ గురించి అమ్మ చెప్పినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, వచ్చే నెల పెన్షన్ ఆగిపోతుంది, మీ ఫోన్‌కి ఒక నంబర్ వస్తుంది చెప్పండి అన్నాడట. నాన్న పూర్తి పేరు, రిటైర్ అయిన తేదీ, పీపీఓ నంబర్ అన్నీ వాడే చదివి వినిపించాడట. నాన్నా మీరు "ఉండు బాబూ కళ్ళజోడు తెచ్చుకుంటా" అని లోపలికి వెళ్ళారు చూడండి, ఆ కాస్త టైంలో అమ్మ ఫోన్ తీసుకుని కట్ చేసేసింది. అమ్మా నువ్వు చేసిందే నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నాన్న మాత్రం "పాపం ఆ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు, మధ్యలో పెట్టేయడం ఏం బాగుంటుంది" అన్నారట, నాకు అసలు భయం అక్కడే.

నాన్నా, ఫోన్ మధ్యలో కట్ చేయడం అమర్యాద కాదు. జీవితమంతా ఎదుటి మనిషి మాట పూర్తయ్యే దాకా విన్నారు, అది మీ మంచితనం, కానీ వాళ్ళు బతికేది సరిగ్గా ఆ మంచితనం మీదే. ఒక్కసారి లైన్లో ఉంచుకున్నారంటే మాటలతో ఊపిరి తీసుకోనివ్వరు, ఆలోచించే టైం ఇవ్వరు, ఇంట్లో వాళ్ళని అడిగొస్తానన్నా ఒప్పుకోరు. కాబట్టి నేను రాసేవాటిలో అన్నిటికంటే ముందు పాటించాల్సింది ఇదే, తెలియని వాళ్ళు ఫోన్ చేసి డబ్బు గురించో అకౌంట్ గురించో పోలీసుల గురించో మొదలుపెడితే ఫోన్ పెట్టేయండి. "తర్వాత చూస్తాను" అని కూడా చెప్పక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు, వాడితో వాదించి వాడు దొంగని నిరూపించక్కర్లేదు. ఒకవేళ అది నిజమైన కాలే అయినా ఏం కొంపలు మునగవు, నిజమైన ఆఫీసు వాళ్ళకి మనమే తిరిగి ఫోన్ చేయొచ్చు, వెళ్ళి కనుక్కోవచ్చు.

తిరిగి చేసేటప్పుడు కూడా వాడు ఇచ్చిన నంబర్‌కి చేయకండి, గూగుల్‌లో వెతికి దొరికిన నంబర్‌కి కూడా వద్దు, అక్కడ కూడా దొంగ కస్టమర్ కేర్ నంబర్లు పెడుతున్నారు. బ్యాంకు విషయమైతే ఏటీఎం కార్డు వెనకాల ఉన్న నంబర్, లేదా పాస్‌బుక్ పట్టుకుని నేరుగా బ్రాంచికే. కరెంటు బిల్లు అయితే బిల్లు మీద ఉన్న నంబర్. పెన్షన్ అయితే ట్రెజరీకో బ్యాంకుకో మీరే వెళ్ళండి, బాబాయ్ బండి మీద తీసుకెళ్తారు. లైఫ్ సర్టిఫికెట్ అనేది మనం ఇవ్వాల్సింది, ఎవరో ఫోన్ చేసి ఓటీపీ అడిగి అప్‌డేట్ చేసేది కాదు.

ఇంకోటి, మన వివరాలు చెప్పాడు కాబట్టి వాడు ఆఫీసు మనిషే అని నమ్మకండి. మన పేర్లు, అడ్రస్, ఆధార్ నంబర్, ఏ బ్యాంకులో అకౌంట్ ఉందో, పిల్లలు ఏ దేశంలో ఉన్నారో, ఇవన్నీ ఎక్కడెక్కడి నుంచో బయటికి పోయి ఎవరెవరి చేతుల్లోనో తిరుగుతున్నాయి. వాడికి మన గురించి ఎంత తెలిసినా అది వాడెవడో చెప్పదు. ఫోన్ స్క్రీన్ మీద కనిపించే పేరు కూడా అంతే, పోలీస్ అనో బ్యాంక్ అనో పేరు పెట్టుకుని యూనిఫాం ఫొటో పెట్టుకోవడానికి ఎవడికీ పర్మిషన్ అక్కర్లేదు.

ఇప్పుడు పోలీసు కాల్స్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే వీటిల్లో చదువుకున్న వాళ్ళు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైర్ అయిన వాళ్ళు కూడా జీవితాంతం దాచుకున్నది పోగొట్టుకున్నారు. ముందు ఒక రికార్డెడ్ వాయిస్ వస్తుంది, ఇంకో రెండు గంటల్లో మీ నంబర్ కట్ అవుతుంది 9 నొక్కండి అని, లేదా మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి అని. నొక్కారా, ఒక అమ్మాయి మాట్లాడి "సార్, ఇది పోలీస్ కేసు, పెద్ద సార్‌కి కలుపుతున్నా" అంటుంది. ఆ తర్వాత వాట్సాప్ వీడియో కాల్, అందులో యూనిఫాంలో ఒకడు, వెనకాల స్టేషన్ లాగా సెట్టింగ్, గోడ మీద సీబీఐ బోర్డు, మీ ఆధార్ నంబర్ రాసి ఉన్న అరెస్ట్ వారెంట్, కింద సుప్రీంకోర్టు ముద్ర. మీరు డిజిటల్ అరెస్ట్‌లో ఉన్నారు, గది తలుపు వేసుకోండి, కెమెరా ముందు నుంచి లేవకండి, భార్యకి చెప్తే ఆవిడ పేరు కూడా కేసులో చేరుస్తాం అంటారు. చివరికి మీ డబ్బు మంచిదో కాదో వెరిఫై చేసి తిరిగి పంపిస్తాం, ఫిక్స్‌డ్ డిపాజిట్లు తీసి ఈ అకౌంట్‌కి పంపండి అంటారు.

డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో దీని గురించే చెప్పారు, ఆగండి, ఆలోచించండి, అప్పుడు ఏం చేయాలో అది చేయండి అని. ఏ పోలీసూ, ఏ సీబీఐ వాళ్ళూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, కేసు తీసేయడానికి డబ్బు పంపమనరు. నిజంగా మనతో పని ఉంటే నోటీసు వస్తుంది, లేదంటే మనిషే ఇంటికి వస్తాడు, అప్పుడు బాబాయ్‌ని పిలిచి మాట్లాడొచ్చు. "ఎవరికీ చెప్పకు" అన్న మాట వినపడిందంటే చాలు, వాడు దొంగే, ఇంక వేరే ఆలోచన వద్దు, గది తలుపు తీసి బయటికొచ్చి అమ్మని గట్టిగా పిలవండి. అమ్మా, నాన్న ఫోన్ పట్టుకుని తలుపు వేసుకున్నారంటే నువ్వు మొహమాటపడకుండా లోపలికి వెళ్ళిపో, ఫోన్ లాక్కున్నా పర్లేదు.

అమ్మా ఇది నీకు. నేను ఏదో కేసులో ఇరుక్కున్నానని, యాక్సిడెంట్ అయిందని, ఇక్కడి పోలీసులు పట్టుకున్నారని ఫోన్ రావచ్చు, వెనకాల ఒక అమ్మాయి "అమ్మా" అని ఏడుస్తూ ఉండొచ్చు, అచ్చం నా గొంతులాగే ఉండొచ్చు, గొంతు కూడా ఇప్పుడు నకలు చేస్తున్నారు. నీకు కాళ్ళూ చేతులూ ఆడవు, నాకు తెలుసు. అయినా ఫోన్ పెట్టేసి నా మామూలు నంబర్‌కి చెయ్యి. నేను తీయకపోతే అల్లుడికి చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రి అయినా సరే, మేమిద్దరం ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకున్నా మీ ఇద్దరి నంబర్లు మాత్రం మోగేలా సెట్ చేసి పెట్టుకున్నాం. మనింట్లో వాళ్ళకి మాత్రమే తెలిసిన ఒక మాట అనుకుందాం, అది ఇక్కడ రాయను, ఆదివారం కాల్‌లో చెప్తా, ఎక్కడా రాసి పెట్టుకోకండి. నేనే అని ఎవరైనా డబ్బు అడిగితే ఆ మాట అడుగు, చెప్పలేకపోతే అది నేను కాదు.

ఓటీపీ, ఏటీఎం పిన్, యూపీఐ పిన్, కార్డు వెనక ఉండే 3 అంకెలు, ఇవి ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకు మేనేజర్ అన్నా సరే. యూపీఐ గురించి ఒక్కటే గుర్తుంచుకోండి, డబ్బు మనకి రావడానికి పిన్ కొట్టే పనే ఉండదు, క్యూఆర్ స్కాన్ చేసే పనే ఉండదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతుందని అర్థం. నాన్నా మీరు పాత మంచం అమ్మకానికి పెడతానన్నారుగా, కొంటానని ఫోన్ చేసి "అడ్వాన్స్ పంపా, పిన్ కొట్టి తీసుకోండి" అంటారు, అలాంటివాటిలో జాగ్రత్త. "పొరపాటున మీ అకౌంట్‌కి ఎక్కువ పంపాను తిరిగి పంపండి" అన్నా మెసేజ్ చూసి నమ్మొద్దు, అది వాళ్ళే టైప్ చేసి పంపిస్తారు, పాస్‌బుక్‌లో ఎంట్రీ ఉందో లేదో బ్యాంకులో కనుక్కున్నాకే ఏదైనా.

ఫోన్లో ఏదైనా యాప్ వేసుకోమంటే వద్దు. స్క్రీన్ షేర్ చేయమంటే అస్సలు వద్దు, మీరు నొక్కేవన్నీ వాడికి కనిపిస్తాయి. వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ అనో ట్రాఫిక్ చలానా అనో ఫైల్ వచ్చి దాని పేరు చివర .apk అని ఉంటే ముట్టుకోవద్దు, తెలిసిన వాళ్ళ నంబర్ నుంచి వచ్చినా సరే, వాళ్ళ ఫోన్ కూడా దొంగల చేతిలో ఉండొచ్చు. స్టార్ అనో హ్యాష్ అనో మొదలయ్యే నంబర్లు డయల్ చేయమన్నా చేయకండి, మనకొచ్చే కాల్స్ వాళ్ళకి మళ్ళించుకునే పని అది.

ఇంత చెప్పినా ఒకవేళ డబ్బు పోయిందే అనుకోండి. సిగ్గుపడి దాచకండి. మీ మీద నాకు కొంచెం కూడా కోపం రాదు, డబ్బు మళ్ళీ సంపాదించుకుంటాం, మీరిద్దరూ లోపల కుమిలిపోవడం మాత్రం నేను తట్టుకోలేను. వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల కోసం ప్రభుత్వం పెట్టిన నంబర్, ఎంత త్వరగా చేస్తే వాళ్ళు ఆ డబ్బు ముందుకి పోకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. రేపు చూద్దాం, అమ్మాయి లేచాక అడుగుదాం అని ఆగకండి, ముందు 1930, వెంటనే బ్యాంకుకి చెప్పి అకౌంట్ ఆపించడం, తర్వాతే నాకు. కంప్లైంట్ నంబర్ ఇస్తారు రాసుకోండి. వాళ్ళ మెసేజ్‌లు, కాల్ లిస్ట్ ఏవీ డిలీట్ చేయొద్దు. cybercrime.gov.in లో రాసే పని బాబాయో నేనో చూసుకుంటాం. తర్వాత కొన్నాళ్ళకి "మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది కూడా మోసమే, ఒకసారి పోగొట్టుకున్న వాళ్ళ నంబర్లు పట్టుకుని మళ్ళీ చేస్తారు.

ఆదివారం కాల్ చేసినప్పుడు రెండు ఫోన్లూ దగ్గర పెట్టుకోండి, 1930, బ్యాంకు నంబరు, బాబాయ్, నేను, అల్లుడు, ఈ ఐదూ ఫోటోలతో సహా పైకి కనిపించేలా సేవ్ చేయిస్తా. నాన్నా, బ్యాంకు యాప్‌లో రోజుకి ఎంత పంపొచ్చు అనే లిమిట్ కూడా తగ్గించేద్దాం, మీకు నెలకి కావాల్సింది ఎంతో అమ్మతో మాట్లాడి ఉంచండి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు తీసి పక్కన పెట్టుకోండి, ఫోన్లో చార్జింగ్ ఉండేలా చూసుకోండి.

మీ
చిన్ని