అప్పగింతలు: ఫైనలియర్, చివరి రోజు

నో డ్యూస్ ఫారం మీద ఆఖరి సంతకం పడింది. లైబ్రరీ, ల్యాబ్, అకౌంట్స్... ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగిన గదులన్నీ ఒక్క పూటలో చుట్టొచ్చాం. సగం క్లాసు ఆగింది లైబ్రరీ దగ్గరే. ఎవరి కార్డు మీద ఎవరు పుస్తకం తీసుకున్నారో తేలాలిగా!

ఇక క్యాంటీన్‌లో మన మూల. జూనియర్లూ, ఇది మీకే, కాస్త జాగ్రత్తగా వినండి. చేతులు కడుక్కునే పంపు పక్క టేబుల్. నీళ్లు చిందుతాయని ఎవరూ కూర్చోరు, అందుకే అది ఎప్పుడూ ఖాళీ. గోడకున్న రెండు సాకెట్లలో పైది పనిచేయదు. కిందది లూజు, ఛార్జర్‌ని కొంచెం ఎడమకి వాల్చి పెడితే ఎక్కుతుంది. వదిలేస్తే జారిపోతుంది, కాబట్టి వైరు కింద ఓ రికార్డు బుక్కు పెట్టండి. బెంచీకి కుడి కాలు పొట్టి. దాని కింద ఉన్నది పాత హాల్ టికెట్, నాలుగు మడతలు. మూడే వేస్తే బెంచీ ఊగుతుంది. నేల తుడిచినప్పుడల్లా తడిసి నలిగిపోతుంది, అప్పుడప్పుడూ మార్చాలి. హాల్ టికెట్లకి మీకూ కొదవుండదు.

నాలో ఒకణ్ణి కూడా ఇక్కడే దింపేసి వెళ్తున్నా. వైవాలో జవాబు నాలిక మీదున్నా "తెలీదు సార్" అనేవాడు. సెమినార్ రోజున పేపరు వణకడం కనిపించకుండా అట్టకి క్లిప్పు పెట్టుకుని చదివేవాడు. డౌటుంటే అడక్కుండా పక్కవాడి నోట్సులోకి తొంగిచూసేవాడు. వాడంటే కోపమేం లేదు. అన్ని ఇంటర్నల్స్ గట్టెక్కించింది వాడే. కాకపోతే రేపట్నించి ఇంటర్వ్యూలు, వాణ్ణి వెంటేసుకెళ్తే కుదరదు.

క్లాసుకి: ఫొటోలో రెండో వరుసలో ఆ ఖాళీ ఎవరిదని అడక్కండి, ఫొటో తీసినవాడిది. ఒరిజినల్స్ కావాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి, ప్రింటు తీస్తే వెనక వరుస మొహాలు మసకేస్తాయి. కాలేజీ మెయిల్ ఎప్పుడు మూసేస్తారో చెప్పరు. ప్రాజెక్టు ఫైళ్లు ఈ వారంలోనే సొంత మెయిల్‌కి దింపుకోండి, ఆ ఐడీతో తెరిచిన ఉద్యోగాల అకౌంట్లలో మెయిల్ మార్చుకోండి. లేకపోతే పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజున ఓటీపీ వెళ్లేది మూసేసిన ఇన్‌బాక్స్‌కే. టీసీ ఒరిజినల్ ఎక్కడైనా ఇచ్చేముందు రెండు జిరాక్సులు, ఒక స్కాన్. దానికి డూప్లికేట్ తెచ్చుకోవడమంటే మళ్లీ ఇవే గదులు.

గ్రూపులోంచి మాత్రం ఎవరూ లెఫ్ట్ అవ్వకండి రా. విసుగొస్తే మ్యూట్ చేసుకోండి. నంబరు మారితే సెట్టింగ్స్‌లో ఉన్న చేంజ్ నంబర్‌తోనే మార్చండి. పాత అకౌంట్ డిలీట్ కొట్టి కొత్తది తెరిస్తే గ్రూపులోంచి ఊడిపోతారు. మళ్లీ చేర్చాలంటే ఆ కొత్త నంబరు మాలో ఒక్కడికైనా తెలియాలి కదా.

#చివరిరోజు #ఫైనలియర్ #పంపుపక్కటేబుల్