రద్దీ వేళ ఆర్డరు తీసుకోవడం, వడ్డించడం: కొత్తగా చేరినవారికి

వేడి పళ్లెం చేతిలో పట్టుకొని టేబుల్ దగ్గర నిలబడి “ఇది ఎవరు చెప్పారండీ?” అని అడగవలసి వచ్చిందంటే, ఆ పొరపాటు పావుగంట ముందు, ఆర్డరు రాసుకున్నప్పుడే జరిగిందన్నమాట. అందుకే ఈ సూచనల్లో ట్రే ఎత్తడం కంటే కాగితం మీద రాయడానికి ఎక్కువ చోటు ఇచ్చాను. చేతులు వారం పది రోజుల్లో అలవాటు పడతాయి, కానీ ఆర్డరు రాసే పద్ధతి మొదటి రోజు ఎలా పడితే చాలా కాలం అలాగే ఉండిపోతుంది.

డ్యూటీ మొదలయ్యే ముందు మీకు అప్పగించిన టేబుళ్ల నంబర్లు చూడకుండా చెప్పగలిగేలా నేర్చుకోండి. ఆ పూట ఏ వంటకం లేదో, ఏది తయారు కావడానికి ఎక్కువసేపు పడుతుందో కిచెన్‌లో అడిగి తెలుసుకోండి. అతిథి పది నిమిషాలు ఆలోచించి ఎంచుకున్న వంటకం లేదని, ఆర్డరు లోపలికి వెళ్లిన తరువాత తిరిగివచ్చి చెప్పడం కంటే ఇబ్బందికరమైనది మరొకటి లేదు.

అతిథులు కూర్చున్న తరువాత ఒకటి రెండు నిమిషాల్లో మీ ముఖం వారికి కనబడాలి. చేతిలో నాలుగు పళ్లేలున్నా సరే, ఆ దారిన వెళుతూ “రెండు నిమిషాల్లో వస్తానండీ” అని ఒక్క మాట చెప్పి వెళ్లండి. తమను చూశారన్న నమ్మకం కలిగిన కుటుంబం ఓపికగా ఎదురుచూస్తుంది. ఎవరూ పట్టించుకోలేదనుకున్న కుటుంబానికి మాత్రం ఆ రెండు నిమిషాలే చాలా ఎక్కువ అనిపిస్తాయి.

ఇక ఆర్డరు. ప్రతి టేబుల్‌కూ ప్రవేశద్వారానికి దగ్గరగా ఉన్న కుర్చీని ఒకటో నంబరుగా పెట్టుకొని, అక్కడి నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో మిగిలిన కుర్చీలకు నంబర్లు వేసుకోండి. ఈ లెక్క మీ ఒక్కరిది కాకుండా ఇక్కడ పనిచేసే అందరిదీ కావాలి. అప్పుడే మీరు మరో టేబుల్ దగ్గర చిక్కుకున్నప్పుడు వేరొకరు మీ స్లిప్పు చూసి, ఎవరినీ అడగకుండా వడ్డించగలుగుతారు. ఆరుగురు కూర్చున్న టేబుల్‌కు రాసిన స్లిప్పు ఇలా ఉండాలి:

టేబుల్ 12, ఆరుగురు
1. కూరగాయల సూప్, ఉప్పు తక్కువ (పెద్దావిడ)
2. వేయించిన చేప, వేరుశనగ పడదు
3. పాస్తా, సగం ప్లేటు (బాబు), ముందు పంపాలి
4. కోడి వేపుడు, కారం తక్కువ
5. చేప, మామూలుగా
6. సూప్, తరువాత సలాడ్

రెండో కుర్చీకీ ఐదో కుర్చీకీ వచ్చేది చేపే అయినా, ఆ రెండు పళ్లేలు తారుమారు కావడానికి వీల్లేదు. అందరూ చెప్పడం పూర్తయ్యాక, ఒక్కొక్కరి వైపు చూస్తూ ఆర్డరు మొత్తం తిరిగి చదివి వినిపించండి. దీనికి అర నిమిషం పడుతుంది. ఎంత రద్దీగా ఉన్నా ఈ అర నిమిషాన్ని మాత్రం మిగుల్చుకోవాలని చూడకండి.

పడని పదార్థాల విషయంలో ఊహకు చోటులేదు. వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, పీతలు, గోధుమ, సోయా, నువ్వులు చాలామందిలో ఎలర్జీ కలిగించే పదార్థాలు. వీటిలో ఏదైనా ఒక వంటకంలో ఉందా అని అతిథి అడిగితే, మీకు తెలుసనిపించినా “కిచెన్‌లో అడిగి వచ్చి చెబుతానండీ” అనండి. స్లిప్పు మీద రాయడంతో సరిపెట్టుకోక వంట చేసేవారికి నోటితో కూడా చెప్పి, వారు విన్నట్టు బదులిచ్చే వరకు అక్కడే ఉండండి. పొరపాటున పైన చల్లిన గింజలను ఏరివేసి అదే పళ్లెం తిరిగి ఇవ్వకూడదు, ఎందుకంటే కంటికి కనిపించనంత పొడి మిగిలినా కొందరికి ప్రాణాపాయం కలుగుతుంది. వంటకాన్ని శుభ్రమైన పాత్రలో, శుభ్రమైన గరిటెతో మళ్లీ మొదటి నుంచి చేయించాలి.

నేను ఈ పనిలో చేరిన తొలి నెలలో ఒక రద్దీ రాత్రి, ఒక పాపకు “గింజలు వద్దు” అన్న మాటను తరువాత రాద్దామనుకొని మరిచిపోయాను. పళ్లెం టేబుల్ మీద పెట్టిన మరుక్షణం ఆ పాప తల్లి చూసి వెనక్కి లాగింది కాబట్టి ఏమీ కాలేదు. ఆవిడ చేయి వణకడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆనాటి నుంచి పడని పదార్థం పేరు చెవిన పడగానే, మిగతా ఆర్డరు వినకముందే దాన్ని రాసి కింద గీత గీస్తాను. మీరూ అలాగే చేయాలని కోరుతున్నాను.

పిల్లలున్న టేబుల్‌లో, పెద్దల అనుమతి తీసుకొని, పిల్లల ఆహారం ముందుగా తెప్పించండి. ఆకలితో ఉన్న పిల్లవాడు ఊరుకుంటే ఆ టేబుల్ మొత్తం కుదుటపడుతుంది. వేడి సూప్‌ను, వేడి పళ్లేన్ని పిల్లల తల మీదుగా అందించకండి, వారి చేతికి అందే చోట పెట్టకండి. “ఇది వేడిగా ఉందండీ” అని పెద్దలకు వినబడేలా చెప్పండి.

ట్రేలో బరువైనవి మధ్యలో, తేలికైనవి అంచుల వైపు పెట్టాలి. దించేటప్పుడు ఒకే వైపు నుంచి వరుసగా తీస్తూ పోతే రెండో వైపు బరువెక్కి ట్రే ఒరిగిపోతుంది కనుక, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి తీయండి. గ్లాసును కింది భాగంలో, చెంచాను కాడ దగ్గర పట్టుకోండి. నోటికి తగిలే చోట మీ వేళ్లు తగలకూడదు. ఎవరి వెనక నుంచైనా వెళుతున్నప్పుడు “వెనక ఉన్నాను” అని గట్టిగా చెప్పండి.

వండిన వేడి ఆహారం 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉండవలసినది 5 డిగ్రీల లోపు ఉండాలన్నది ఆహార భద్రతలో సాధారణంగా పాటించే నియమం. కిచెన్ కౌంటర్ మీద చల్లారుతున్న పళ్లెం మీ టేబుల్‌ది కాకపోయినా తీసుకువెళ్లి ఇవ్వండి. స్లిప్పు మీద కుర్చీ నంబరు ఉంటుంది కదా!

నాలుగు పనులు ఒకేసారి మీద పడినప్పుడు ముందు వేడి ఆహారం అందించండి, తరువాత కొత్తగా వచ్చినవారిని పలకరించండి, ఆపైన బిల్లు అడిగినవారిని చూడండి, ఖాళీ పళ్లేలు చివరికి ఉంచండి. ఆర్డరు ఆలస్యమవుతుంటే ఎంతసేపు పడుతుందో కిచెన్‌లో అడిగి, ఉన్నదున్నట్టు చెప్పండి. ఇరవై నిమిషాలు పట్టేదాన్ని “వచ్చేస్తోందండీ” అంటే ఆ తరువాత మీరు చెప్పే ఏ మాటనూ వారు నమ్మరు.

వడ్డించిన తరువాత రెండు మూడు ముద్దలు తినేంత వ్యవధి ఇచ్చి, ఒకసారి వెళ్లి అన్నీ సరిగా ఉన్నాయా అని అడగండి. అప్పుడైతే ఉప్పు ఎక్కువైనా, వంటకం మారినా సరిదిద్దే వీలుంటుంది. పళ్లెం ఖాళీ అయ్యాక అడిగితే వినడం తప్ప చేయగలిగింది ఉండదు.

బిల్లు ఇచ్చే ముందు స్లిప్పుతో ఒక్కొక్క వరుస సరిచూడండి. ఎవరిది వారు కడతామంటే, కుర్చీ నంబర్ల ప్రకారం విడదీయడం నిమిషం పని. వారు లేచి వెళ్లగానే కుర్చీల మీద, టేబుల్ కింద ఒకసారి చూడండి: పిల్లల బొమ్మలు, కళ్లజోళ్లు, ఫోన్లు ఎక్కువగా అక్కడే మరిచిపోతుంటారు. తరువాత టేబుల్ తుడిచి, కుర్చీలు సర్ది, స్లిప్పు పుస్తకంలో కొత్త పేజీ తీసి పెట్టుకోండి.