తరంగాలు: రైలు కూత, గొట్టాల అనుస్వరాలు – సాధించిన ప్రశ్నలు
(ఇంటర్ ద్వితీయ సంవత్సరం, భౌతికశాస్త్రం, హనుమకొండ)

కిందటి పరీక్షలో డాప్లర్ లెక్కలో గుర్తు తారుమారు చేసినవారే గొట్టాల లెక్కలో అతిస్వరాన్నీ అనుస్వరాన్నీ కలగాపులగం చేశారు. రెండు చోట్లా సూత్రం కంఠతా వచ్చింది గానీ, తరంగదైర్ఘ్యం ఎంతో ముందుగా చూడలేదు. అందుకే ఈ పత్రంలో ప్రతి లెక్కనూ తరంగదైర్ఘ్యంతోనే మొదలుపెడుతున్నాను. వేరే విలువ ఇవ్వని చోట ధ్వని వేగం 340 మీ./సె.

ప్రశ్న 1. రామగుండం వైపు నుంచి బొగ్గుతో వస్తున్న గూడ్సు బండి గంటకు 72 కి.మీ. వేగంతో, 400 హెర్ట్జ్ పౌనఃపున్యం గల కూత వేస్తూ కాజీపేట దగ్గర పట్టాల పక్కన నిలబడిన వ్యక్తిని దాటిపోయింది. అతడికి వినిపించే పౌనఃపున్యాలు ఎంత?

సాధన: బండి వేగం 20 మీ./సె. బండి నిలిచి ఉంటే తరంగదైర్ఘ్యం 340/400, అంటే 85 సెం.మీ. ఒక కంపనం పూర్తయ్యే 1/400 సెకనులో ఇంజను 5 సెం.మీ. ముందుకు జరుగుతుంది కనుక, దాని ముందున్న తరంగాలు 80 సెం.మీ.కు కుదించుకుపోతాయి, వెనుకవి 90 సెం.మీ.కు సాగుతాయి. గాలిలో ధ్వని వేగం మాత్రం మారదు. కాబట్టి వచ్చేటప్పుడు 340/0.80 = 425 హెర్ట్జ్, పోయేటప్పుడు 340/0.90 = 377.8 హెర్ట్జ్. సూత్రంలో రాస్తే:

n′ = n v/(v − vₛ), n′ = n v/(v + vₛ)

బండి దగ్గరపడుతున్న కొద్దీ స్వరం పెరుగుతూ పోతుందని చాలామంది రాశారు. అది పొరపాటు. పెరిగేది తీవ్రత, పౌనఃపున్యం దూరంగా ఉన్నప్పుడు దాదాపు 425 దగ్గరే నిలిచి, బండి మనల్ని దాటే సమయంలో వేగంగా కిందికి జారుతుంది.

అనుబంధ ప్రశ్న: కూత వేసే ఇంజను నిలిచి ఉండి, శ్రోతే 20 మీ./సె. వేగంతో దానివైపు వస్తే? ఇప్పుడు తరంగదైర్ఘ్యం 85 సెం.మీ.గానే ఉంటుంది, శ్రోత సెకనుకు ఎదుర్కొనే తరంగాల సంఖ్యే పెరుగుతుంది. 360/0.85 = 423.5 హెర్ట్జ్. జవాబు 425 కాకపోవడానికి కారణం ఇదే.

ప్రశ్న 2. ఒక చివర మూసి ఉన్న గొట్టంలో వరుసగా వచ్చే రెండు అనునాద పౌనఃపున్యాలు 340, 476 హెర్ట్జ్. గొట్టం పొడవు ఎంత? అంత్య సవరణను విస్మరించండి.

సాధన: మూసిన చివర అస్పందన స్థానం, తెరచిన చివర ప్రస్పందన స్థానం ఏర్పడాలి కనుక, పొడవులో పావు తరంగదైర్ఘ్యాలు బేసి సంఖ్యలోనే ఇముడుతాయి. అనుస్వరాలు 1 : 3 : 5 : 7 నిష్పత్తిలో ఉంటాయి, పక్కపక్క వాటి తేడా మూల పౌనఃపున్యానికి రెట్టింపు. ఇక్కడ తేడా 136, మూలం 68 హెర్ట్జ్. ఇచ్చినవి 5వ, 7వ అనుస్వరాలు. పొడవు 340/(4 × 68) = 1.25 మీ. 340 హెర్ట్జ్‌ది అయిదవ అనుస్వరమే గానీ రెండవ అతిస్వరం. మొదటి అతిస్వరం మూడవ అనుస్వరం. మార్కులు పోయేది ఇక్కడే.

గొట్టం రకం చెప్పకుండా ఇవే అంకెలు ఇచ్చినా తేల్చవచ్చు. రెండు చివరలూ తెరచిన గొట్టంలో అన్ని అనుస్వరాలూ వస్తాయి, తేడాయే మూలం అవుతుంది. 340ని 136తో భాగిస్తే 2.5 వస్తుంది, పూర్ణసంఖ్య కాదు. (సన్నాయికి ఈ నియమం అన్వయించకండి; దాని గొట్టం శంకువు ఆకారంలో ఉంటుంది.)

ప్రశ్న 3. 512 హెర్ట్జ్ శృతిదండంతో చేసిన అనునాద ప్రయోగంలో మొదటి అనునాదం 16.2 సెం.మీ. వద్ద, రెండవది 50.2 సెం.మీ. వద్ద వచ్చాయి. ధ్వని వేగం, అంత్య సవరణ కనుక్కోండి.

సాధన: తేడా 34.0 సెం.మీ. అర తరంగదైర్ఘ్యం. v = 2 × 512 × 0.34 = 348 మీ./సె. గది ఉష్ణోగ్రత 28 డిగ్రీల చుట్టూ ఉంటే ఇది సరైన విలువే. అంత్య సవరణ (50.2 − 3 × 16.2)/2 = 0.8 సెం.మీ. నీటిమట్టాన్ని నెమ్మదిగా దించుతూ, స్వరం ఒక్కసారిగా ఉప్పొంగిన గీత దగ్గర ఆగి, కాస్త పైకీ కిందికీ జరిపి చూసుకోకపోతే మిల్లీమీటర్ల తేడా వచ్చి ఈ సవరణ రుణాత్మకంగా కూడా తేలుతుంది.

ప్రశ్న 4. మొదటి ప్రశ్నలోని కూతకు అనునాదం చెందే, ఒక చివర మూసిన అతి పొట్టి గొట్టం పొడవు బండి వచ్చేటప్పుడు ఎంత, పోయేటప్పుడు ఎంత? అంత్య సవరణను విస్మరించండి.

సాధన: 80/4 = 20 సెం.మీ.; 90/4 = 22.5 సెం.మీ. పౌనఃపున్యం అవసరమే రాలేదు.