ఖలీల్ చాచా ఉత్తరం, అమ్మ కోసం తెలుగులో

హైదరాబాద్
మంగళవారం రాత్రి

రమా,

నాన్నగారు వెళ్ళిపోయి ఎనిమిది రోజులైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ నేను ఏడవడం, నువ్వు నన్ను ఊరుకోబెట్టడం జరుగుతోంది. అందుకే ఈసారి రాస్తున్నాను. దీనికి జవాబు రాయాలని మాత్రం అనుకోవద్దు.

దీంతో పాటు రెండు ఉత్తరాలు పెట్టాను. ఒకటి ఖలీల్ చాచా తన చేత్తో ఉర్దూలో రాసింది. రెండోది దానికి నేను చేసిన తెలుగు. నిన్న సాయంత్రం శాలిబండలో వాళ్ళింటికి వెళ్తే, నోటుబుక్కులోంచి చింపిన రెండు కాగితాలు నా చేతిలో పెట్టి, "బేటీ, భాభీకి ఉర్దూ చదవడం రాదు కదా, నువ్వు తెలుగులో రాసి ఇవ్వు. మాట మాత్రం మెత్తగా ఉండాలి" అన్నారు. రెండో కాగితంలో ఒకచోట సిరా అలుక్కుపోయింది. అక్కడేముందని అడిగితే, కాసేపు గోడ వైపు చూస్తూ ఉండిపోయి, తర్వాత చెప్పారు.

ఇంట్లో జనం పలచబడ్డాక అమ్మకి చదివి వినిపించు.

*

వదినమ్మకు,

ఖలీల్ ఆదాబ్.

మా కండక్టర్ సాబ్ ఇక లేరన్న కబురు నాకు మూడో రోజున అందింది. మనమందరం దేవుడి వాళ్ళం, తిరిగి ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళం. మా ఇళ్ళలో ఎవరు దూరమైనా ముందు నోటికొచ్చే మాట ఇది. ఆ రోజూ ఇదే వచ్చింది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేకపోయాను.

ఆయన చివరి ప్రయాణంలో నా భుజం ఉండాల్సింది. ఉండలేకపోయింది. కబురు తెలియలేదన్నది నిజమే అయినా, అది చెప్పుకుని నా మనసుని ఒప్పించుకోలేకపోతున్నాను. మీరు నన్ను మన్నించాలి.

సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి వెళ్ళే డబుల్ డెక్కర్ మీద మేమిద్దరం చాలా ఏళ్ళు కలిసి డ్యూటీ చేశాం. నేను కింద స్టీరింగ్ దగ్గర, ఆయన పై అంతస్తులో. బెల్లు కొట్టే తీరును బట్టి ఆయన మనసు ఆ పూట ఎలా ఉందో నాకు తెలిసిపోయేది. మీ పెద్దమ్మాయి పుట్టిన రోజు ఆ బెల్లు అసలు ఆగలేదు.

రంజాన్ నెలలో రోజా విడిచే సైరన్ మోగేసరికి మా బస్సు ఒక్కోరోజు మదీనా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండేది. ఆయన గబగబా మెట్లు దిగి వచ్చి, నా అరచేతిలో రెండు ఖర్జూరాలు పెట్టేవారు. చిల్లర సంచిలోనే ఒక మూల కాగితంలో చుట్టి ఉంచేవారు. ఆ కాగితం పొద్దున్నే చుట్టి ఇచ్చేది మీరని చాన్నాళ్ళ తర్వాత చెప్పారు. వదినమ్మా, నా రోజా మీ చేతి మీదుగా విడిచాను. ఇన్నేళ్ళలో ఈ మాట మీతో ఒక్కసారైనా అనలేదు.

1990 డిసెంబరులో కర్ఫ్యూ పెట్టినప్పుడు ఆయన రెండు రాత్రులు మా ఇంట్లో ఉన్నారు. బయట ఎక్కడేం జరుగుతోందో తెలియదు. మా అమ్మ ఆయనకి వేరే గిన్నెలో పప్పు, అన్నం వండింది. ఆయన మాత్రం రాత్రంతా మీ గురించే, పిల్లల గురించే. "ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో ఖలీల్ భాయ్" అని ఎన్నిసార్లు అన్నారో. మూడో రోజు కర్ఫ్యూ సడలించగానే సందు చివరిదాకా తోడు వెళ్ళాను. అక్కణ్ణుంచి ఆయన ఇంటివైపు నడవలేదు, పరుగెత్తారు.

రెండు నెలల కిందట ఆయన మా ఇంటికొచ్చి, చాయ్ తాగి లేస్తూ, "ఏదైనా మాట అటూ ఇటూ అని ఉంటే మనసులో పెట్టుకోకు భాయ్" అన్నారు. ఇదేం మాట, ఇప్పుడెందుకని కసురుకున్నాను. ఇవాళ అదే మాట నేను ఆయనకి చెప్పుకోవాలి. ఆయన లేరు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను. నా వల్ల ఎప్పుడైనా ఆయన మనసు నొచ్చి ఉంటే మీరు మన్నించండి.

మీ దుఃఖంలో నాకూ పాలు ఉంది. మీది నాకంటే ఎన్నో రెట్లు పెద్దదని తెలుసు. దేవుడు ఆయన్ని తన దయలో ఉంచుకోవాలి. మీకు, పిల్లలకు నిబ్బరాన్ని ఇవ్వాలి. ఏ పనికైనా, ఏ వేళలోనైనా మా పెద్దబ్బాయికి కబురు పెట్టండి. వాడు మీ ఇంటి పిల్లాడే.

దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

ఖలీల్

*

రమా, నువ్వు ఉర్దూ కాగితం కూడా దాచుకుంటావు కాబట్టి కొన్ని సంగతులు చెప్పాలి. రేపెవరైనా చదివి, తెలుగులో ఇలా లేదేమిటని అడగొచ్చు.

చాచా 'మగ్ఫిరత్' అని రాశారు. అంటే దేవుడు తప్పుల్ని క్షమించడం. ఉర్దూలో పోయినవాళ్ళ కోసం చేసే మామూలు ప్రార్థన అది, అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. కానీ తెలుగులో "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అంటే, మా ఆయన ఏం తప్పు చేశాడని అమ్మ గుండె కలుక్కుమంటుంది. అందుకే 'దయలో ఉంచుకోవాలి' అన్నాను. చాచాకి చదివి వినిపిస్తే తలూపి, "నేనన్నదీ అదే" అన్నారు. ఆత్మకు శాంతి, స్వర్గప్రాప్తి లాంటి మాటలు పెట్టలేదు. అవి ఆయన నోటి మాటలు కావు. అమ్మకి ఆయన గొంతే వినపడాలి.

'ఇంతెఖాల్' దగ్గర చాలాసేపు ఆగాను. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడం అని దాని అసలు అర్థం. 'మరణించారు' అంటే పేపర్లో వార్తలా ఉంది, 'పోయారు' అంటే మొరటుగా ఉంది. చివరికి 'ఇక లేరు' అని రాశాను. 'సబ్ర్'కి ఓర్పు అని ముందు రాసి కొట్టేశాను. ఇన్నాళ్ళూ ఓర్చుకున్న మనిషిని ఇంకా ఓర్చుకోమనడం నాకు మనసొప్పలేదు. నిబ్బరం అంటే దేవుడు ఇచ్చేదిలా ఉంది, మనం బలవంతంగా తెచ్చుకునేదిలా లేదు.

ఆఖర్న ఆయన 'ఫిర్ హాజిర్ హూంగా' అని రాశారు, మళ్ళీ వస్తానని. చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు మనవాళ్ళు వెళ్ళొస్తామని అనరని ఆయనతో చెప్పాను. వెంటనే, "అయితే తీసెయ్ బేటీ, తీసెయ్" అన్నారు. ఆ ఒక్క వాక్యం తెలుగులో లేదు. ఉర్దూలో అలాగే ఉంది.

అశుభలేఖల్లా దీన్ని చదివి చింపేయొద్దని అమ్మకి చెప్పు. ఇది చావు కబురు కాదు. నాన్నగారి చిల్లర సంచి ఇంకా ఇంట్లోనే ఉంటే అందులో పెట్టండి.

ఇంకో మాట. పెద్దకర్మ రోజు తను రావచ్చా, ఎవరైనా ఏమైనా అనుకుంటారా అని చాచా నన్ను రెండుసార్లు అడిగారు. నీ తరఫున నేనే రమ్మని చెప్పేశాను, తప్పయితే నన్ను తిట్టు. ఆటోలో నేనే వెంటబెట్టుకుని వస్తాను. ఆయన మోకాళ్ళు బాగా లేవు, మీ మేడ మెట్లు ఎక్కలేరు. కింద వేపచెట్టు దగ్గర ఒక కుర్చీ వేయించు. అమ్మకి ఓపికుంటే కిందికి తీసుకురా, లేకపోతే నువ్వే వచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చో.

నీ
వాణి